పాలు కలపండి, పశువుల్ని కాదు: జనరల్ బాడీలో చైర్మన్ ఏం మాట్లాడాలి

ప్రశ్న: అన్నా, మా పాల సొసైటీకి కొత్తగా చైర్మన్ అయ్యాను. అరవై మంది సభ్యులం, తలా పది లీటర్ల దాకా పోస్తాం. అందరం కలిసి పాలు చల్లబరిచే కూలర్ ఒకటి పెట్టుకుందాం అంటే సగం మంది "మా పాలు మేం అమ్ముకుంటున్నాం కదా, కలిస్తే కొత్తగా మాకొచ్చేదేంటి" అంటున్నారు. వచ్చే నెల జనరల్ బాడీలో మాట్లాడాలి. ఏం చెప్తే వింటారు?

జవాబు:

చైర్మన్‌గారూ, ముందు ఒక మాట. కట్టెల మోపు కథ మాత్రం చెప్పకండి. నేను మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు అదే చెప్పాను, ఒక్క కట్టె అయితే విరుగుతుంది మోపు అయితే విరగదు అని, చేత్తో చూపించి మరీ. వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన లేచి "కట్టెల సంగతి సరే, నా క్యాన్ సంగతి చెప్పు" అన్నాడు, అందరూ నవ్వారు, నా దగ్గర సమాధానం లేదు. తర్వాత చాలా ఏళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాను, ఆ తర్వాత నేను చేసిన ప్రతి స్పీచ్ ఆయన ప్రశ్నకి సమాధానమే అనుకోండి.

వాళ్ళ మనసులో ఉండేవి మూడే. నిజంగా లాభం ఉందా, ఉంటే నా వాటా నాకే వస్తుందా, రేపు పక్కవాడు జారుకుంటే నా గతేంటి. ఐకమత్యం గురించి ఎవరూ అడగరు, అడగనిదాని గురించి అరగంట మాట్లాడితే పక్కకి తిరిగి కబుర్లు మొదలుపెడతారు.

మొదటిదానికి పాల దగ్గరి నుంచే రండి. ఒంటరిగా అమ్ముకునేవాడు ఎందుకు నష్టపోతాడంటే తక్కువ పాలున్నాయని కాదు, బేరం చెయ్యడం రాక కాదు, టైమ్ లేక. పిండినప్పుడు పాలు 37 డిగ్రీల దగ్గర ఉంటాయి. మొదటి కొన్ని గంటలు పాలలో సహజంగా ఉండే రక్షణ కొంత ఆపుతుంది గానీ అది అయిపోయాక ఆ వెచ్చదనంలో బాక్టీరియా అరగంటకో ఇరవై నిమిషాలకో రెట్టింపవుతూ పోతుంది. అరగంటకి రెట్టింపు అనుకున్నా నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే ఒకటి 256 అవుతుంది. గుమ్మం ముందుకొచ్చి కొనేవాడికి ఈ లెక్క తెలియకపోవచ్చు, కానీ మీరు ఆగలేరన్న సంగతి బాగా తెలుసు. వాడు బండి స్టార్ట్ చేసి "ఇస్తావా వెళ్ళిపోనా" అన్నాడంటే బేరం అక్కడితో అయిపోయినట్టే. అవే పాలని 4 డిగ్రీలకి దించితే ఆ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది, రేపటి దాకా ఆగొచ్చు, ఇంకొకడిని పిలవొచ్చు, దూరం నుంచి ట్యాంకర్ తెప్పించుకోవచ్చు. కాబట్టి సభలో కూలర్ అనే మాట కంటే ముందు ఇది చెప్పండి, మనం కొంటున్నది మిషన్ కాదు, వద్దు అని చెప్పే టైమ్ కొంటున్నాం అని.

అప్పుడు ఎవరో ఒకరు అంటారు, అయితే నేనే చిన్నది ఒకటి పెట్టుకుంటా అని. మంచి ప్రశ్న, తప్పించుకోకండి. ట్యాంకుల్లాంటి సామాను విషయంలో ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది, సైజు పెరిగినంతగా ఖర్చు పెరగదు, సైజుకి 0.6 ఘాతం చొప్పున పెరుగుతుంది అని. మామూలు మాటల్లో, సైజు రెట్టింపు చేస్తే ఖర్చు ఒకటిన్నర రెట్లు అవుతుంది, పది రెట్లు చేస్తే నాలుగు రెట్ల దగ్గర ఆగుతుంది. కారణం కూడా సింపులే, లోపల పట్టే పాలు పెరిగినంత వేగంగా చుట్టూ వాడే రేకు పెరగదు. ఈ లెక్కన అరవై మంది విడివిడిగా పెట్టుకుంటే అరవై పాళ్ళయ్యే ఖర్చు, అందరికీ కలిపి ఒకటే పెడితే పన్నెండు పాళ్ళ దగ్గరికి వస్తుంది. మీరు తెప్పించే కొటేషన్‌లో అచ్చం అంతే రాదు, అటూ ఇటూ ఉంటుంది. అందుకే మీటింగ్‌కి ముందే చిన్న మిషన్‌కీ పెద్ద మిషన్‌కీ రెండు కొటేషన్లు తెప్పించి, చిన్నదాన్ని అరవైతో గుణించి, పెద్దదాని పక్కన పెట్టి బోర్డు మీద రాయండి. మీ నోటి మాట కంటే ఆ రెండు అంకెలు ఎక్కువ పని చేస్తాయి.

ఇంకో లాభం ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. ఒక్కొక్కరి పాలు రోజూ ఒకేలా ఉండవు, పది లీటర్లు ఇచ్చే ఇంట్లో ఒకరోజు ఏడు, ఒకరోజు పదమూడు. ఒంటరిగా అమ్మేవాడు ఎవరికీ "రోజూ ఇంత ఇస్తా" అని మాట ఇవ్వలేడు, అందుకే పెద్ద కొనుగోలుదారు అతని వైపు చూడడు. అరవై మందివి కలిస్తే ఒకరికి తగ్గినరోజు ఇంకొకరికి పెరుగుతుంది. ఎవరిది వాళ్ళకి పెరగడం తగ్గడం అయితే పదికి మూడు తేడా ఉన్నచోట ఆరొందలకి ఇరవై మూడు దగ్గరే తేడా వస్తుంది, అంటే ముప్పై శాతం ఊగేది నాలుగు శాతానికి పడిపోతుంది. ఆరొందల లీటర్లకి కాగితం మీద సంతకం పెట్టొచ్చు. కానీ ఇక్కడ నిజం దాచకండి, మేత కరువొచ్చినా ఎండలు ముదిరినా అందరికీ ఒకేసారి తగ్గుతుంది, దాన్ని సొసైటీ ఆపలేదు. కలిస్తే అన్ని కష్టాలూ పోతాయని చెప్పిన చైర్మన్‌ని మొదటి ఎండాకాలమే పట్టుకుని అడుగుతారు.

ఇక రెండోది, అసలు గొడవంతా ఇక్కడే. "నావి చిక్కటి పాలు, వాడివి నీళ్ళు, రెండూ ఒకే ట్యాంకులో పోస్తే నాకేంటి?" ఇది స్వార్థం కాదు, న్యాయమైన ప్రశ్న, దీనికి సమాధానం లేకుండా పాల సొసైటీ నిలబడటం కష్టం. డెన్మార్క్‌లో హ్యెడింగ్ అనే చోట 1882లో రైతులు కలిసి అక్కడి మొట్టమొదటి సహకార డెయిరీ పెట్టారు. అప్పటికి మీగడ తీసే సెంట్రిఫ్యూజ్ మిషన్ కొత్తగా వచ్చింది, చిన్న రైతు ఒక్కడు కొనగలిగేది కాదు. మిషన్‌తో కలవాల్సిన కారణమైతే దొరికింది, మరి ఎవరి వంతు ఎంత అనేది? అప్పట్లో చాలా డెయిరీలు బరువు చూసి డబ్బిచ్చేవి. బరువుకి డబ్బిస్తే నీళ్ళు కలిపినవాడు బాగుపడతాడు, కలపనివాడు అమాయకుడవుతాడు. 1890లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ఆయన, డెయిరీ దగ్గరే చిన్న గాజు సీసాలో ఆమ్లం పోసి తిప్పి పాలలో వెన్న ఎంతుందో చూసే పరీక్ష తయారుచేశాడు. నన్నడిగితే పాల సహకార సంఘాలని నిలబెట్టింది ఉపన్యాసాలు కాదు, ఆ సీసా.

సభలో దీన్ని ఇలా చెప్పండి, నేనెప్పుడూ ఇలాగే చెప్పేవాణ్ణి: "ఇద్దరున్నారు అనుకుందాం, ఇద్దరి ఆవులూ పది కిలోలు ఇచ్చాయి, ఇద్దరివీ ఐదు శాతం ఫ్యాట్. ఒకాయన అలాగే తెచ్చాడు. రెండో ఆయన ఐదు కిలోల నీళ్ళు కలిపి పదిహేను చేసి తెచ్చాడు. తూకం చూసి డబ్బు పంచితే మొదటాయనకి నలభై శాతం, నీళ్ళు పోసినాయనకి అరవై. ఇప్పుడు ఫ్యాట్ చూద్దాం. పది కిలోల్లో ఐదు శాతం అంటే 500 గ్రాములు. పదిహేను కిలోల్లో ఫ్యాట్ 3.3 శాతానికి పడిపోతుంది, అది కూడా 500 గ్రాములే. చెరి సగం. ఐదు కిలోల నీళ్ళు మోసుకొచ్చినాయనకి భుజం నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు." ఇక్కడ జనం నవ్వుతారు, ఆ నవ్వులో నీళ్ళు పోసేవాడు కూడా నవ్వుతాడు, కానీ మర్నాటి నుంచి మానేస్తాడు. తిట్టి మాన్పించడం మావల్ల ఎప్పుడూ కాలేదు.

లాక్టోమీటర్ ఉంది కదా ఫ్యాట్ పరీక్ష ఎందుకు అని కూడా అంటారు. లాక్టోమీటర్ చూసేది పాలు నీళ్ళకంటే ఎంత బరువైనవో అంతే. నీళ్ళు కలిపితే రీడింగ్ పడిపోతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది ఎందుకంటే వెన్న తేలిక. రెండూ చేసినవాడికి రీడింగ్ మళ్ళీ మామూలుగానే ఉండొచ్చు. అందుకే ఫ్యాట్ ఒక్కటే కాదు, లాక్టోమీటర్ ఒక్కటే కాదు, రెండూ కలిపి చూసి ఫ్యాట్‌తో పాటు మిగతా ఘనపదార్థం, అదే ఎస్‌ఎన్‌ఎఫ్, దానికి కూడా డబ్బు కట్టాలి. ఫ్యాట్ ఒక్కదానికే కడితే పలచటి పాలిచ్చే ఆవులున్నవాళ్ళు అన్యాయం అంటారు, వాళ్ళన్నదీ నిజమే.

కలిస్తే లాభం ఎలా కలుస్తుందో నష్టం కూడా అలాగే కలుస్తుంది, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒకరోజు పొద్దున లైను పొడుగ్గా ఉంది, వర్షం, అందరూ కేకలు, సరేలే అని వాసన చూడటం, మరిగించి చూడటం రెండూ మాన్పించి గబగబా పోయించేశాను. ఒక క్యాన్ మూత రబ్బరు కింద నిన్నటి పాలు ఎండి పసుపుపచ్చగా అట్ట కట్టి ఉంది, చేతిలో పట్టుకునే చూశాను, చూసి కూడా పోయించాను. సాయంత్రం ట్యాంకర్ వాళ్ళు శాంపిల్ తీసి చెంచాడు పాలు మరిగిస్తే గరిటెకి పలుకులు అంటుకున్నాయి, ట్యాంకు మొత్తం వెనక్కి. చల్లదనం పాడైన పాలని బాగుచెయ్యదు, బాక్టీరియాని చంపదు, ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టి ఉంచుతుందంతే. తొమ్మిది లీటర్ల క్యాన్ ఒకటి, పోయింది అరవై మందివి. ఆ రాత్రి ఇంటికొచ్చి అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను, తప్పు ఆ క్యాన్ వాడిది కాదు నాది అని. అప్పట్నుంచి రూల్ ఏంటంటే ట్యాంకు మూత తియ్యడానికి ముందే ప్రతి క్యానూ పరీక్ష, చైర్మన్ క్యాన్ మొదట. మీ స్పీచ్‌లో ఈ రిస్క్ మీరే ముందు చెప్పేయండి, వాళ్ళు అడిగాక చెప్తే దాచినట్టు ఉంటుంది.

మూడోది, జారుకోవడం. ఇది మొదటి ఏడాది రాదు, సొసైటీ బాగా నడుస్తున్నప్పుడే వస్తుంది. మీరు కూలర్ పెట్టాక బయట కొనేవాడు రేటు పెంచుతాడు, పెంచి మీ సభ్యులకే ఇస్తానంటాడు. "సొసైటీ కంటే వాడే నయం, ఎక్కువిస్తున్నాడు" అంటారు. వాడు పెంచింది ఎందుకు? నిన్న మీకు ఇంకో దారి లేదు, ఈరోజు ఉంది, అందుకు. ఆ దారి మూసుకుపోయిన మర్నాడు రేటు ఎక్కడుంటుందో పాతవాళ్ళని అడిగితే చెప్తారు.

దీన్ని కూడా బోర్డు మీద వెయ్యండి. కరెంటు, మనిషి జీతం, అప్పు వాయిదా, ఇవి పాలు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా దాదాపు అంతే. రోజుకి ఆ ఖర్చు 600 వంతులు అనుకోండి. 600 లీటర్లు వస్తే లీటరుకి ఒక వంతు ఖర్చు పడుతుంది. పదిహేను మంది బయటికి పోస్తే 450 లీటర్లు, లీటరుకి 1.33. మిగిలినవాళ్ళ రేటు ఆ మేరకి తగ్గింది కాబట్టి ఇంకో పదిహేను మంది పోతారు, అప్పుడు 300 లీటర్లు, లీటరుకి రెండు వంతులు. పోయినవాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ప్రతివాడూ ఆరోజుకి తనకి లాభమైన పనే చేశాడు, అయినా సొసైటీ మూతపడింది. నేను చూసిన మూతపడ్డ సొసైటీల్లో దొంగతనం వల్ల పోయినవి ఉన్నాయి, కానీ ఇలా మెల్లగా కారిపోయి పోయినవే ఎక్కువ.

మరి దీనికి మందేంటంటే రాతకోత. ఆ హ్యెడింగ్ రైతులు కూడా ఇంట్లో వాడుకునేవి పోను మిగతా పాలన్నీ డెయిరీకే పోస్తామని ఒప్పందం రాసుకున్నారు, నోటి మాట మీద వదల్లేదు. మీరు కూడా మిషన్ కొనకముందే సంతకాలు తీసుకోండి, కొన్నాక కాదు. ఎన్ని లీటర్లకి సంతకాలు వస్తే మిషన్ కొంటామో ముందే గీత గీయండి, ఆ గీత దాటకపోతే కొనమని సభలోనే చెప్పండి. వినడానికి బెదిరింపులా ఉంటుంది కానీ వెనకడుగు వేసేవాళ్ళకి అదే ధైర్యం, ఎందుకంటే వాళ్ళ భయం "నేనొక్కడినే ఇరుక్కుంటానేమో" అనే. బయటికి వెళ్ళాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వాటా ధనం ఎప్పుడు వెనక్కి ఇస్తారు, ఇవి కూడా అదే కాగితం మీద ఉండాలి. తలుపు ఎక్కడుందో చూపిస్తే లోపలికి రావడానికి జనం అంత భయపడరు.

ఏడాది చివర మిగులు ఎలా పంచుతారనేది కూడా అక్కడే తేల్చండి. 1844లో ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే చోట 28 మంది తలా ఒక పౌండు వేసుకుని కొట్టు పెట్టారు, ఆ పౌండు కూడా వారానికి కొన్ని పెన్నీల చొప్పున కూడబెట్టిందే. వాళ్ళు పెట్టుబడికి వడ్డీకి హద్దు పెట్టి, మిగులుని ఎవరెంత డబ్బు పెట్టారని కాకుండా ఎవరెంత కొన్నారని చూసి పంచారు, ఓటు మాత్రం మనిషికి ఒకటే. మీకు అది "ఎంత వాటా ఉంది" కాదు "ఏడాదంతా ఎంత పాలు పోశావు" అవుతుంది. బయటికి పోసేవాడికి ఆ రోజు రెండు పైసలు ఎక్కువొస్తాయి, ఏడాది చివర బోనస్‌లో ఆ లీటర్లు ఉండవు. పెద్ద ఉపదేశం అక్కర్లేదు, ఈ ఒక్క లైను చాలామందిని ఆపుతుంది.

ఇప్పుడు ఉత్సాహం ఉన్న కుర్రాళ్ళు లేచి "అయితే పశువులు కూడా కలిపి ఒకే షెడ్‌లో పెడదాం" అంటారు చూడండి, అక్కడ మీరే బ్రేక్ వెయ్యాలి. రష్యాలో చయనోవ్ అని ఒక వ్యవసాయ ఆర్థికవేత్త ఉండేవాడు, 1920ల్లో ఆయన చెప్పింది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది, వ్యవసాయంలో ప్రతి పనికీ దాని సైజు దానికి ఉంటుంది, కొన్ని పనులు ఎంత పెద్దగా చేస్తే అంత లాభం, కొన్ని ఇంటి సైజు దాటితే పాడవుతాయి, మొదటివి సంఘానికి ఇచ్చి రెండోవి ఇంట్లోనే ఉంచుకోవాలి అని. బలవంతంగా అన్నీ కలిపేసే కాలంలో అలా మాట్లాడినందుకు ఆయన జైలుపాలయ్యాడు, 1937లో కాల్చి చంపారు. చల్లార్చడం, పరీక్ష, రవాణా, బేరం, ఇవి పెద్ద పనులు, కలపండి. దూడకి జబ్బు చేసిందని తెల్లవారుజామున మూడింటికి లేచేది దాని సొంతదారు, అరవై మంది సొంతదారులైతే ఎవరూ లేవరు. అందుకే నా స్పీచ్‌లో ఎప్పుడూ ఒక మాట ఉండేది, పాలు కలుపుదాం, పశువుల్ని కాదు. ఇది విన్నాకే ఎక్కువ మంది ఊపిరి పీల్చుకునేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళ లోపలి భయం "నాది నాకు కాకుండా పోతుందేమో" అని.

కొంతమందికి మాత్రం కలవడం వల్ల లాభం ఉండదు, వాళ్ళని బలవంతపెట్టకండి. పక్కనే రోజూ నమ్మకంగా నేరుగా కొనే ఇళ్ళున్నాయి, పిండిన అరగంటలో పాలు అమ్ముడైపోతాయి, అలాంటివాడికి చల్లార్చే అవసరమే లేదు. అతన్ని సభలో తప్పుపడితే మిగతావాళ్ళు మీ లెక్కని కూడా అనుమానిస్తారు. "నీకు అవసరం లేదు, రేపు పాలు పెరిగితే రా" అనేయండి.

ఇక సభ రోజు విషయం. పదిహేను నిమిషాలు మించి మాట్లాడకండి. టేబుల్ మీద లాక్టోమీటర్, ఫ్యాట్ పరీక్ష సామాను పెట్టుకుని, ఒక గ్లాసు పాలు మామూలువి, ఒక గ్లాసులో అందరి ముందూ నీళ్ళు కలిపి, పరీక్ష చెయ్యమని అందరికంటే ఎక్కువ అనుమానపడే సభ్యుడినే పైకి పిలవండి. రీడింగ్ ఆయనే చదవాలి, మీరు చదవకూడదు. మా దగ్గర ఆ పెద్దాయనే, కట్టెల కథకి అడ్డం తగిలినాయన, కళ్ళజోడు పైకెత్తి రెండో రీడింగ్ చదివి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఈ పరీక్ష రోజూ ఎవరు చేస్తారు?" అని అడిగాడు. మీరే చెయ్యండి అన్నాను. మూడేళ్ళు చేశాడు.